రక్తం ఎక్కాక తట్టు టీకా: వినకూడని సలహాలు

బిడ్డకు రక్తం ఎక్కించాకో, ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇచ్చాకో టీకాల సంగతి ఏమిటని అడిగితే ఇంట్లో ఒక మాట, వీధిలో ఒక మాట, ఒక్కోసారి ఆసుపత్రిలో ఇంకో మాట వినిపిస్తాయి. అన్నీ బిడ్డ బాగు కోరి చెప్పేవే. అయినా వాటిలో కొన్ని పాటిస్తే కార్డు మీద టీకా పడినట్టే ఉంటుంది, ఒంట్లో మాత్రం రక్షణ ఉండదు. ఇంకొన్ని పాటిస్తే అవసరమైన టీకాలు, ఒక్కోసారి ప్రాణం నిలిపే మందు కూడా ఆగిపోతాయి. తరచుగా వినిపించే అలాంటి సలహాలను, వాటిని ఎందుకు పక్కన పెట్టాలో ఇక్కడ రాస్తున్నాను.

“తేదీ వచ్చిందిగా, వేయించేయండి. ఒకటి ఎక్కువైతే పోయేదేముంది?”

చాలా నష్టం చేసే సలహా ఇది. ఎలాగో ఒక లెక్కతో చూద్దాం.

2024 మే 1న పుట్టిన ఒక బాబు ఉన్నాడనుకుందాం. పుట్టినప్పటి టీకాలు, ఆరు, పది, పద్నాలుగు వారాలవి అన్నీ వేళకు పడ్డాయి. 9 నెలలు నిండాక 2025 ఫిబ్రవరి 5, బుధవారం నాడు ఊళ్లో ఏఎన్ఎం ఎంఆర్ మొదటి డోసు వేసింది. ఎంఆర్ అంటే తట్టు, రుబెల్లా రెండింటికీ కలిపి ఇచ్చే టీకా. మూడు రోజులకు జ్వరం మొదలైంది. టీకా జ్వరమేలే అనుకున్నారు. ఐదు రోజులు దాటినా తగ్గలేదు. కళ్లు ఎర్రబడ్డాయి కానీ పుసి లేదు. పెదాలు పగిలాయి, నాలుక ఎర్రగా కమిలింది, ఒళ్లంతా దద్దు లేచింది, అరచేతులూ పాదాలూ వాచాయి. పెద్దాసుపత్రికి తీసుకెళ్తే కవాసాకి జబ్బన్నారు. జపాన్‌కు చెందిన పిల్లల డాక్టర్ తొమిసాకు కవాసాకి 1967లో దీని గురించి రాశారు కాబట్టి ఆయన పేరే పెట్టారు. ఈ జబ్బుతో వచ్చే అసలు భయం గుండెకు రక్తం అందించే నాళాలు ఉబ్బిపోవడం. వైద్యం అందకపోతే సుమారు నలుగురిలో ఒకరికి అలా జరుగుతుంది. జ్వరం మొదలైన పది రోజుల్లోపు ఐవీఐజీ అనే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కిస్తే ఆ ప్రమాదం ఇరవైలో ఒకరికి తగ్గుతుంది.

అందుకని ఫిబ్రవరి 14న ఐవీఐజీ ఎక్కించారు. కిలో బరువుకు 2 గ్రాముల చొప్పున, 8 కిలోల బాబుకు 16 గ్రాములు. ఈ మందు గాజు సీసాల్లో వస్తుంది, చూడ్డానికి దాదాపు నీళ్లలాగే ఉంటుంది. గట్టిగా కుదిపితే నురగ వస్తుందని కుదపనివ్వరు. మొదట చుక్క చుక్కగా వదులుతారు, నర్సు పక్కనే ఉండి నాడి, జ్వరం, రక్తపోటు చూస్తూ వేగం పెంచుతుంది. మొత్తం ఎక్కడానికి 10 నుంచి 12 గంటలు పడుతుంది. ఆ సీసాలో ఉన్నది వేలమంది దాతల ప్లాస్మా నుంచి తీసిన యాంటీబాడీలు. ఆ దాతల్లో చాలామందికి చిన్నప్పుడు తట్టు వచ్చి ఉంటుంది, లేదా టీకా పడి ఉంటుంది. కాబట్టి తట్టు వైరస్‌ను పట్టుకునే యాంటీబాడీలు అందులో దండిగా ఉంటాయి.

బాబు కోలుకున్నాడు, ఇంటికొచ్చాడు. సెప్టెంబరు వచ్చేసరికి ఏఎన్ఎం ఇంటి ముందు ఆగి, “అక్కా, బాబుకు పదహారు నెలలు నిండినయ్ కదా, బుధవారం పట్టుకురా” అంది. సెప్టెంబరు 3న రెండో డోసు వేసింది. కార్డులో ఎంఆర్ గడులు రెండూ నిండాయి. ఆమె తన పని తాను సరిగ్గానే చేసింది. ఐవీఐజీ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు ఆ బాబుకు లెక్కలోకి వచ్చే డోసులెన్ని? ఒక్కటి కూడా లేదు.

ఎందుకంటే ఎంఆర్ టీకా బతికున్న వైరస్‌తో చేసింది. వైరస్‌ను బాగా బలహీనపరిచి, చాలా కొద్ది మోతాదులో ఇస్తారు. అది ఒంట్లోకి వెళ్లి కొన్ని రోజులపాటు పెరిగితేనే శరీరం దాన్ని శత్రువుగా గుర్తించి సొంతంగా యాంటీబాడీలు తయారు చేసుకుంటుంది, జ్ఞాపకం పెట్టుకుంటుంది. అప్పటికే రక్తంలో దాతల యాంటీబాడీలు ఉంటే అవి టీకా వైరస్‌ను పెరగకముందే పట్టేస్తాయి. శరీరానికి నేర్చుకునే అవకాశమే రాదు. తట్టు టీకాను పుట్టగానే వేయకుండా 9 నెలల దాకా ఆపేది కూడా ఇందుకే. తల్లి నుంచి బిడ్డకు వచ్చిన యాంటీబాడీలు అప్పటికి చాలావరకు తగ్గిపోతాయి.

మొదటి డోసు వేసిన తొమ్మిది రోజులకే ఐవీఐజీ ఎక్కింది. టీకా వైరస్ పెరిగి పని పూర్తి చేయడానికి కనీసం 14 రోజులు కావాలి. అంతలోపు యాంటీబాడీలు వచ్చి పడితే ఆ డోసును లెక్కపెట్టరు. ఇక రెండో డోసు ఐవీఐజీ ఎక్కిన ఏడు నెలలలోపే పడింది. కవాసాకికి ఇచ్చే మోతాదు తర్వాత అమెరికాలోని టీకాల సలహా సంఘం ఏసీఐపీ 11 నెలలు ఆగమంటుంది. కాబట్టి ఇదీ లెక్కలోకి రాదు.

సరైన లెక్క ఇది: 2025 ఫిబ్రవరి 14కు 11 నెలలు కలిపితే 2026 జనవరి 14, భోగి నాడు. పండుగ పోయాక వచ్చే బుధవారం, జనవరి 21న ఒక డోసు. దానికి కనీసం 4 వారాలు దాటాక, అంటే ఫిబ్రవరి 18న లేదా తర్వాత, రెండోది. అప్పటికి బాబుకు 21 నెలలు. మన ప్రభుత్వ కార్యక్రమంలో ఎంఆర్ టీకాను ఐదేళ్ల వయసు వరకూ ఉచితంగా వేస్తారు కాబట్టి ఇలా ఆగినందువల్ల డోసు దక్కకుండా పోదు.

“ఒకటి ఎక్కువైతే పోయేదేముంది” అన్నదాంట్లో నిజం కొంత ఉంది. యాంటీబాడీలు ఉన్నప్పుడు ఎంఆర్ వేస్తే బిడ్డకు హాని జరగదు. టీకా వృథా అవుతుందంతే. నష్టం కార్డు మీది గుర్తుతో వస్తుంది. ఆ గుర్తు చూసి తల్లి, ఏఎన్ఎం, స్కూలు, రేపు జ్వరంతో తీసుకెళ్లిన డాక్టర్, అందరూ ఈ బిడ్డకు తట్టు రాదని నమ్ముతారు. పొరపాటున ముందే వేయించేసి ఉంటే కంగారు పడాల్సిన పని లేదు. ఆ గడి పక్కన “ఐవీఐజీ తర్వాత గడువులోపు వేసినది, లెక్కలోకి రాదు” అని డాక్టర్‌తో రాయించి, గడువు దాటాక మళ్లీ వేయించాలి.

“రక్తం ఎక్కిందా? మూడు నెలలు ఆగితే చాలు, దేనికైనా అంతే”

మూడు నెలలనే మాట గాల్లోంచి పుట్టలేదు. బ్రిటన్‌లో ఎంఎంఆర్ విషయంలో రక్తోత్పత్తులన్నిటికీ సాధారణంగా మూడు నెలలే పాటిస్తారు. మన పిల్లల డాక్టర్లు చాలామంది వాడేది అమెరికా పట్టిక. అది ఎక్కించినదేమిటి, ఎంత అన్నదాన్ని బట్టి సున్నా నుంచి 11 నెలల దాకా మారుతుంది. నా మొగ్గు ఈ పట్టిక వైపే. ఒకే గడువు గుర్తుపెట్టుకోవడం తేలిక, నిజమే. కానీ పై బాబు విషయంలో మూడు నెలలకే వేసి ఊరుకుంటే అతని ఒంట్లో ఇంకా యాంటీబాడీలు నిండుగా ఉండగానే టీకా పడినట్టు.

పట్టికను బట్టీ పట్టక్కర్లేదు, దాని వెనకున్న లెక్క అర్థమైతే చాలు. ఎక్కించిన యాంటీబాడీలు ఒంట్లో సుమారు నెలకొకసారి సగమవుతాయి. కవాసాకికి కిలోకు 2 గ్రాములు, అంటే 2000 మిల్లీగ్రాములు ఇస్తారు. మొదటి నెల తర్వాత 1000, రెండో నెల తర్వాత 500, మూడో నెల తర్వాత 250. అలా సగం చేస్తూ పోతే 11 నెలలకు కిలోకు ఒక మిల్లీగ్రాము దగ్గరికి వస్తుంది. రోగనిరోధక లోపం ఉన్నవారికి ఇచ్చే 400 మిల్లీగ్రాముల మోతాదుకు పట్టికలో గడువు 8 నెలలు. దాన్ని ఎనిమిదిసార్లు సగం చేసి చూడండి, ఒకటిన్నర దగ్గర ఆగుతుంది. ధనుర్వాతానికి ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్‌లో కిలోకు సుమారు 10 మిల్లీగ్రాములే, గడువు 3 నెలలు. మూడుసార్లు సగం చేస్తే ఒకటీ పావు. అన్ని గడువులూ దాదాపు ఒకే చోటికి చేరుతున్నాయి. టీకా వైరస్‌ను అడ్డుకోలేనంత తక్కువకు యాంటీబాడీలు దిగే దాకా ఆగడమే ఈ గడువుల అర్థం. మోతాదు పెద్దదైతే ఆగాల్సిన నెలలూ పెరుగుతాయి.

రక్తానికీ ఇదే లెక్క. యాంటీబాడీలు ఎర్రకణాల్లో ఉండవు, ప్లాస్మాలో ఉంటాయి. అందుకే ఎర్రకణాలను సెలైన్‌తో కడిగి ఎక్కిస్తే ఆగాల్సిన పనే లేదు. ప్లాస్మా చాలావరకు తీసేసి నిల్వ ద్రావణం కలిపిన ఎర్రకణాల సంచికి 3 నెలలు, ప్లాస్మా కొంత మిగిలిన ప్యాక్డ్ సెల్స్‌కూ హోల్ బ్లడ్‌కూ 6 నెలలు, ప్లాస్మాకూ ప్లేట్‌లెట్లకూ 7 నెలలు. ఇవన్నీ కిలోకు 10 మిల్లీలీటర్లు ఎక్కించినప్పటి లెక్కలు. డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు ఎక్కించిన పిల్లలు మన దగ్గర ఎంతోమంది ఉంటారు. వాళ్లకు రక్తం ఎక్కించలేదు కాబట్టి ఈ గడువు వర్తించదనుకోవడం పొరపాటు. ప్లేట్‌లెట్ల సంచిలో ప్లాస్మా ఎక్కువగా ఉంటుంది కాబట్టే దానికి 7 నెలలు.

ఇక్కడే ఇంకో గందరగోళం కూడా తీర్చాలి. దెబ్బ తగిలినప్పుడు వేసే టీటీ ఇంజెక్షన్ టీకా, ఇమ్యునోగ్లోబ్యులిన్ కాదు. దాని కోసం ఎంఆర్‌ను ఒక్క రోజు కూడా ఆపక్కర్లేదు.

“ఒంట్లోకి వేరేవాళ్ల రక్తం పోయింది. ఏడాది దాకా ఏ టీకా వద్దు”

ఇలా చెప్పే పెద్దవాళ్ల భయం అర్థమవుతుంది. బిడ్డ ఆసుపత్రిలో అన్ని సూదులు భరించి వచ్చాడు, ఇంకెందుకు అని. కానీ నెలలు నిండకుండా పుట్టి, పసిపిల్లల ఐసీయూలో రక్తం ఎక్కించుకున్న పాప విషయంలో ఈ మాట వింటే ఆమెకు కోరింత దగ్గు, పోలియో, డిప్తీరియా టీకాలేవీ వేళకు పడవు. కోరింత దగ్గు ప్రాణాల మీదికి తెచ్చేది ముఖ్యంగా ఆ నెలల్లోనే.

గడువు పాటించాల్సినవి ప్రధానంగా రెండే: తట్టు ఉన్న టీకాలు, అంటే ఎంఆర్, ఎంఎంఆర్, ఇంకోటి ఆటలమ్మ టీకా. పెంటావాలెంట్, పోలియో ఇంజెక్షన్, న్యుమోకాకల్, హెపటైటిస్ బి లాంటివాటిలో బతికున్న సూక్ష్మజీవి ఉండదు. ఒంట్లో పెరగాల్సిన అవసరమే లేని టీకాను దాతల యాంటీబాడీలు అలా ఆపలేవు. నోటి ద్వారా వేసే పోలియో, రోటా చుక్కల్లో ఉన్నది బతికున్న వైరసే, కానీ అది పెరిగేది పేగుల్లో. రక్తంలోకి ఎక్కించిన యాంటీబాడీలు దాన్ని చెప్పుకోదగ్గంతగా అడ్డుకోవు. పైగా రోటా చుక్కలకు వయసు పరిమితి ఉంది. ఏడాది ఆగితే అవి ఇక వేయరు. కవాసాకి వచ్చి ఆస్పిరిన్ ఎక్కువకాలం వాడాల్సిన పిల్లలకు ఫ్లూ ఇంజెక్షన్ టీకా ఆపకూడదు, వేయించి తీరాలి. ఆస్పిరిన్ వాడుతున్న పిల్లలకు ఫ్లూ వస్తే రై సిండ్రోమ్ అనే ప్రమాదకరమైన చిక్కు రావచ్చు.

“ల్యాబులో చూపించండి, యాంటీబాడీలుంటే టీకా అక్కర్లేదు”

చదువుకున్న ఇళ్లలో ఎక్కువగా వినిపించే సలహా ఇది. ఐవీఐజీ తీసుకున్న కొన్ని నెలలకు తట్టు యాంటీబాడీ పరీక్ష చేయిస్తే పాజిటివ్ అనే వస్తుంది. ఆ కాగితం చూసి బిడ్డకు రక్షణ ఉందని టీకా మానేస్తారు. ల్యాబు కొలిచింది దాతల యాంటీబాడీలను. అవి అరువు సొమ్ము, నెలనెలా సగమవుతూ పోతాయి, బిడ్డ శరీరం వాటిని మళ్లీ తయారు చేయలేదు. గడువులోపు ఈ పరీక్ష ఏ ప్రశ్నకూ జవాబు చెప్పదు. గడువు పూర్తయ్యాక చేస్తే దానికి కొంత అర్థం ఉంది. అప్పుడూ పాజిటివ్ వస్తే వెనక వేసిన డోసు పనిచేసిందనుకోవచ్చు. కానీ పరీక్షకయ్యే ఖర్చు, సూది బాధ చూసుకుంటే మళ్లీ ఒక డోసు వేయించడమే తేలికని నేననుకుంటాను.

“నిన్ననే ఎంఆర్ వేయించాం, ఇప్పుడా ఇంజెక్షన్ వద్దులెండి”

ఇది పై సలహాలన్నిటికన్నా ప్రమాదకరం. టీకాలకు గడువు ఉందని సగం విని, దాన్ని తిరగేసి పాటించడం వల్ల పుడుతుంది. 10 నెలల పాపకు ఎంఆర్ వేసిన మూడో రోజు వీధికుక్క ముఖం మీద కరిచిందనుకోండి. రక్తం వచ్చేంత గాయానికి టీకాతోపాటు రేబిస్ ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను గాయం లోపలా చుట్టూ ఎక్కించాలి. అక్కడ ఎవరైనా “ఎంఆర్ వృథా అయిపోతుంది, రెండు వారాలు ఆగుదాం” అంటే ఒక్క నిమిషం కూడా వినొద్దు. రేబిస్ లక్షణాలు కనబడ్డాక బతికేవాళ్లు దాదాపు ఉండరు. పోయిన ఎంఆర్ డోసును మళ్లీ వేయించుకోవచ్చు. రక్తం, ప్లాస్మా, ఐవీఐజీ, ఏదైనా అంతే. ప్రాణానికి కావాల్సినదాన్ని టీకా కోసం ఆపరు, టీకాయే వెనక్కి జరగాలి.

ఆ గాయానికి వేసిన మందు ఏదో కూడా తెలుసుకోండి. మనుషుల ప్లాస్మా నుంచి తీసిన రేబిస్ ఇమ్యునోగ్లోబ్యులిన్ అయితే 4 నెలల గడువు, మూడు రోజుల కిందటి ఎంఆర్ లెక్కలోకి రాదు. మోనోక్లోనల్ యాంటీబాడీలు కూడా ఇప్పుడు మన దేశంలో దొరుకుతున్నాయి. అవి రేబిస్ వైరస్‌నొక్కదాన్నే పట్టుకునేలా తయారైనవి, వాటిలో తట్టు యాంటీబాడీలు ఉండవు. ఆ మందు వేస్తే ఎంఆర్‌కు అడ్డు లేదు. ప్రభుత్వాసుపత్రుల్లో ఎక్కువగా వాడేది గుర్రపు రక్తం నుంచి తీసినది. పట్టికలోని గడువు మాత్రం మనుషుల నుంచి తీసినదానికి చెప్పింది. అందుకే సీసా మీది పేరు చీటీలో రాయించుకోవాలి. “కుక్కకాటు ఇంజెక్షన్” అని మాత్రమే రాస్తే నాలుగు నెలల తర్వాత ఏ డాక్టరూ దాన్నుంచి ఏమీ తేల్చలేరు.

“డాక్టర్ ఆగమన్నారుగా, ఏం జరిగినా ఆగాల్సిందే”

గడువు పాటించేది టీకా బాగా పట్టాలని. పక్కింట్లోనో, అంగన్‌వాడీలోనో తట్టు బయటపడితే లెక్క మారుతుంది. ఐవీఐజీ కొత్తలో దాతల యాంటీబాడీలు బిడ్డను కొంత కాపాడతాయి. ఏడు, ఎనిమిది నెలలు గడిచేసరికి అవి కాపాడేంతగా మిగలకపోవచ్చు, అయినా టీకాను అడ్డుకునేంత ఉండొచ్చు. తట్టు గాలి ద్వారా పాకుతుంది, రోగి వెళ్లిపోయిన గదిలో కూడా రెండు గంటల దాకా ఉంటుంది. ఊళ్లో తట్టు ఉంటే డాక్టర్‌కు చెప్పి గడువుకు ముందే ఒక డోసు వేయించడం సబబు. పట్టొచ్చు, పట్టకపోవచ్చు. దాన్ని లెక్కలో వేయకుండా, గడువు ముగిశాక తప్పనిసరిగా మళ్లీ వేయించాలి.

తలసీమియా పిల్లలకు ఈ పట్టిక అక్కరకే రాదు. రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించుకునే బిడ్డకు మూడు నెలల విరామం ఎక్కడి నుంచి వస్తుంది? వాళ్ల విషయంలో “రక్తం ఆగాక చూద్దాం” అంటే ఎప్పటికీ చూడరు. జబ్బు తేలిన వెంటనే, రక్తం మొదలుపెట్టకముందే వయసుకు వచ్చిన టీకాలు వేయించే వీలుందా అని అడగాలి. మొదలైపోతే ఎప్పుడు వేయాలో, మళ్లీ ఎప్పుడు వేయాలో వాళ్ల రక్తవ్యాధుల డాక్టరే నిర్ణయించాలి. అన్నకూ అక్కకూ ఎంఆర్ రెండు డోసులూ పడి ఉండేలా చూడటం ఆ ఇంట్లోవాళ్లు చేయగలిగిన పని.

“డిశ్చార్జ్ కాగితంలో అన్నీ రాసే ఉంటారు”

రాస్తారు, కానీ టీకాకు కావాల్సినట్టు రాయరు. “ఐవీఐజీ ఇవ్వబడింది”, “రక్తమార్పిడి జరిగింది” అన్న మాటలతో గడువు తేల్చలేం. ఇంటికి బయల్దేరే ముందు డ్యూటీ డాక్టర్‌ను పట్టుకుని నాలుగు సంగతులు రాయించుకోండి: ఎక్కించినది ఏది, కిలోకు ఎంత, చివరిసారి ఎక్కించిన తేదీ, ఎంఆర్ లేదా ఆటలమ్మ టీకా ఏ తేదీ దాకా వద్దు. ఐవీఐజీ రెండుసార్లు ఎక్కిస్తే గడువు రెండోసారి నుంచి మొదలవుతుంది, కాబట్టి చివరి తేదీయే కావాలి. ఆ నాలుగో వాక్యాన్ని పిల్లాడి టీకా కార్డులో ఎంఆర్ గడి పక్కన పెన్నుతో ఎక్కించండి. డిశ్చార్జ్ ఫైలు బీరువాలో ఉంటుంది, ఏఎన్ఎం చేతికి వెళ్లేది కార్డు ఒక్కటే.